'అమ్మ'ను ఒప్పుకుంటుందా?

ఒక ప్రోగ్రాము చేతికిచ్చి, "ఇది 'అమ్మ' అన్న మాటను ఒప్పుకుంటుందా?" అని అడిగారనుకోండి. నడిపి చూస్తే సరి అనిపిస్తుంది. ఒప్పుకుంటే తెలిసిపోతుంది. కానీ గంటలు గడిచినా ఆగకపోతే? ఇంకాసేపట్లో ఆగుతుందో, అసలెప్పటికీ ఆగదో ఎలా చెప్పడం?

ట్యూరింగ్ యంత్రం ఒప్పుకునే మాటలన్నీ కలిపితే దాని 'భాష'. 1953లో హెన్రీ గోర్డన్ రైస్ ప్రచురించిన సిద్ధాంతం ఇది: భాషకు సంబంధించిన ఒక లక్షణం కొన్ని యంత్రాల భాషలకు ఉండి, మరికొన్నిటికి లేకపోతే, ఏ యంత్రాన్నిచ్చినా ఆ లక్షణం ఉందో లేదో తప్పకుండా తేల్చే పద్ధతి ఉండదు.

మన 'అమ్మ' ప్రశ్ననే చూద్దాం. తేల్చే పద్ధతి ఉందనే అనుకుందాం. 'క' అనే యంత్రాన్నీ, దానికిచ్చే ఒక మాటనూ తీసుకుని 'గ' అనే కొత్త యంత్రాన్ని రాద్దాం. 'గ' తనకొచ్చిన మాటను పక్కన పెట్టి, ముందు 'క'ను ఆ మాట మీద నడుపుతుంది. 'క' ఆగాకే తన మాట చూసుకుని, అది 'అమ్మ' అయితే ఒప్పుకుంటుంది. 'క' ఆగకపోతే 'గ' భాష ఖాళీ. ఆగితే అందులో 'అమ్మ' ఉంటుంది. 'గ'ను మనం నడపక్కర్లేదు, రాసి ఆ పద్ధతికి అప్పగిస్తే చాలు, 'క' ఆగుతుందో లేదో అదే చెప్పేస్తుంది. ట్యూరింగ్ 1936 నాటి పని ప్రకారం అది అసాధ్యం. భాష ఖాళీయా, అనంతమా అన్న ప్రశ్నల గతీ ఇంతే.

విద్యార్థులు తడబడేది ఇక్కడే. "ఏదైనా ఒక మాట మీద యంత్రం కనీసం 100 అడుగులు నడుస్తుందా?" అన్నది భాష గురించిన ప్రశ్న కాదు, యంత్రం నడక గురించినది. 100 అడుగుల్లో అది చదవగలిగేది మొదటి 100 అక్షరాలే. కాబట్టి అంతవరకు పొడవున్న మాటలన్నీ ఓపిగ్గా పరీక్షిస్తే తేలిపోతుంది. ఇక "దీని భాషను ఏదో ఒక ట్యూరింగ్ యంత్రం ఒప్పుకుంటుందా?" అంటే, యంత్రాన్ని చూడకుండానే అవునని చెప్పొచ్చు.