ఫొటోలోని సమీకరణాలు: జవాబును సరిచూడటం ఎలా?

ట్యూషన్‌లో ఇచ్చిన వర్క్‌షీట్‌ను ఎవరో ఒకరు ఫొటో తీసి వాట్సాప్ గ్రూపులో పెడతారు. మిగతా పిల్లలు ఫోన్ చూస్తూ నోటుబుక్కులో లెక్కలు చేసుకుంటారు. పదో తరగతిలో ‘రెండు చరరాశులలో రేఖీయ సమీకరణాల జత’ పాఠం నడిచే రోజుల్లో ఈ పద్ధతిలో ఒక చిక్కుంది. ఈ లెక్కల్లో ఒక్క గుర్తు మారినా జవాబు మొత్తం మారిపోతుంది. అలాంటి లెక్క ఒకటి తీసుకుని మొదటి నుంచి చివరిదాకా చేసి చూద్దాం.

ఫొటోలో ఈ రెండు సమీకరణాలు ఉన్నాయనుకోండి.

3x − 2y = 16
5x + 3y = 14

ముందుగా వీటిని నోటుబుక్కులోకి ఎక్కించుకోవాలి. x కింద x, y కింద y, సమాన గుర్తు కింద సమాన గుర్తు వచ్చేలా రాసుకుంటే తర్వాతి పని తేలికవుతుంది. ఇక తొలగించే పద్ధతిలో మనం చేసేదల్లా ఒకటే: రెండు చరరాశుల్లో ఒకదాన్ని మాయం చేసి, మిగిలిన ఒక్కదాని విలువ కనుక్కోవడం. ఏది మాయం చేయాలన్నది మన ఇష్టం. ఇక్కడ y ని ఎంచుకోవడం మేలు. ఒక సమీకరణంలో y ముందు మైనస్, రెండోదానిలో ప్లస్ ఉన్నాయి కాబట్టి కూడితే సరిపోతుంది, తీసివేయాల్సిన పని ఉండదు.

y గుణకాలు 2, 3. వాటి క.సా.గు. 6. అందుకని మొదటి సమీకరణాన్ని 3 తోనూ, రెండోదాన్ని 2 తోనూ గుణించాలి. గుణించేటప్పుడు సమాన గుర్తుకు కుడివైపున ఉన్న సంఖ్యను కూడా గుణించాలన్నది మరవకూడదు.

9x − 6y = 48
10x + 6y = 28

రెండింటినీ కూడితే −6y, +6y రద్దయిపోయి 19x = 76 మిగులుతుంది. అంటే x = 4. దీన్ని మొదటి సమీకరణంలో పెడితే 12 − 2y = 16, అందులోంచి y = −2 వస్తుంది.

ఇప్పుడు ఈ విలువలను ప్రతిక్షేపించి సరిచూడాలి. మొదటిదానిలో 3(4) − 2(−2) = 12 + 4 = 16. రెండోదానిలో 5(4) + 3(−2) = 20 − 6 = 14. రెండూ సరిపోయాయి.

చాలామంది పిల్లలు ఒక సమీకరణంలో సరిచూసుకుని, సరిపోయింది కదా అని వదిలేస్తారు. అది ఎందుకు చాలదో ఇదే లెక్కలో చూపించవచ్చు. ఒక విద్యార్థి y కి బదులు x ని తొలగించాలనుకున్నాడనుకోండి. మొదటిదాన్ని 5 తో, రెండోదాన్ని 3 తో గుణిస్తే ఇవి వస్తాయి.

15x − 10y = 80
15x + 9y = 42

పైదానిలోంచి కిందిదాన్ని తీసివేయాలి. ఇక్కడే ఎక్కువ మంది తడబడతారు. తీసివేసేటప్పుడు కింది వరుసలోని ప్రతి గుర్తూ మారాలి. −10y లోంచి 9y తీసేస్తే −19y రావాలి. గుర్తు మార్చడం మరచి −10y, 9y లను కూడితే −y వస్తుంది. కుడివైపు 80 − 42 = 38. అప్పుడు −y = 38 కాబట్టి y = −38. దాన్ని మొదటి సమీకరణంలో పెడితే 3x + 76 = 16, అంటే x = −20.

ఈ తప్పు జవాబును మొదటి సమీకరణంలో సరిచూస్తే −60 + 76 = 16. చక్కగా సరిపోయింది! సరిపోక ఏం చేస్తుంది? x విలువను రాబట్టిందే ఆ సమీకరణంలోంచి. y ఎంత తప్పయినా, దానికి తగిన x ను ఆ సమీకరణమే ఇచ్చింది. రెండోదానిలో పెడితే −100 − 114 = −214. రావాల్సింది 14. తప్పు అక్కడ బయటపడింది. కాబట్టి రెండో విలువను ఏ సమీకరణంలోంచి రాబట్టామో దానిలో కాక, మిగిలిన సమీకరణంలో చూసేదే అసలు పరీక్ష. అదీ గుణించిన తర్వాతి రూపంలో కాదు, మొదట రాసుకున్న రూపంలోనే చూడాలి. లేకపోతే గుణకారంలో దొర్లిన తప్పు దొరకకుండా పోతుంది.

ఇంతవరకూ మన చేతిలో జరిగే తప్పుల సంగతి. ఫొటో వల్ల వచ్చే తప్పు వేరే రకం. కాగితం మడత మీదో, చేతి నీడలోనో పడి మొదటి సమీకరణంలోని మైనస్ ప్లస్‌లా కనిపించిందనుకోండి. అప్పుడు మనం చేసే లెక్క 3x + 2y = 16, 5x + 3y = 14 అవుతుంది. 3 తో, 2 తో గుణించి తీసివేస్తే −x = 20, అంటే x = −20, y = 38. సరిచూస్తే −60 + 76 = 16, −100 + 114 = 14. రెండు సమీకరణాలూ సరిపోయాయి. అయినా జవాబు తప్పు.

ప్రతిక్షేపణ హద్దు ఇదే. మనం రాసుకున్న సమీకరణాలకు మన జవాబు సరిపోతుందా లేదా అన్నదే అది చెబుతుంది. రాసుకున్నది కాగితంలో ఉన్నదేనా అన్నది దానికి తెలియదు.

చూపులో పడ్డ తప్పు కొన్నిసార్లు తనంతట తానే అనుమానం రేపుతుంది. ఇదే లెక్కలో 14 ను 74 గా చదివితే x = 196/19, y = 142/19 వస్తాయి. పాఠశాల వర్క్‌షీట్లలో ఇలాంటి భిన్నాలు తక్కువ కాబట్టి ఒకసారి ఫొటో మళ్లీ చూడాలి. అయితే భిన్నం వచ్చినంత మాత్రాన తప్పని కాదు, పూర్ణాంకం వచ్చినంత మాత్రాన ఒప్పనీ కాదు. −20, 38 పూర్ణాంకాలే కదా! అలాగే తొలగించేటప్పుడు రెండు చరరాశులూ ఒకేసారి రద్దయిపోయి 0 = 2 లాంటిది మిగిలితే ఆ జతకు సాధన లేదని అర్థం. నిజంగానే అలాంటి లెక్కలు ఇస్తారు. కానీ అలా రాసే ముందు కూడా ఒకసారి గుణకాలను ఫొటోతో పోల్చుకోవాలి.

మాటల్లో ఇచ్చిన లెక్కలకు మరో రక్షణ ఉంది. 9వ శతాబ్దికి చెందిన మహావీరాచార్యుడి ‘గణితసారసంగ్రహం’లో ఇలాంటి లెక్క ఒకటుంది. ఆ గ్రంథాన్నే పావులూరి మల్లన తెలుగులోకి తెచ్చాడు. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్ల ధర 107. 7 మాదీఫలాలు, 9 వెలగపండ్ల ధర 101. జవాబు మాదీఫలం 8, వెలగపండు 5. ఇందులో 107 ను 167 గా చదివితే వెలగపండు ధర ఋణసంఖ్య వస్తుంది. ధర సున్నా కంటే తక్కువ ఉండదు కాబట్టి ఎక్కడో తప్పుందని వెంటనే తెలిసిపోతుంది. ఉత్త x, y లకు ఆ అండ లేదు. అక్కడ మనం చదివినదే ఆధారం.

అందుకే ఫొటో చూసి చేసే లెక్కకు పరీక్ష రెండుసార్లు ఉండాలి. పని మొదలుపెట్టే ముందు ఫొటోను పెద్దది చేసి, ఒకరు పైకి చదువుతుంటే మరొకరు నోటుబుక్కులో వేలు పెట్టి పోల్చుకోవాలి. ప్రతి పదం ముందున్న గుర్తునూ, సమాన గుర్తుకు కుడివైపున్న సంఖ్యనూ విడివిడిగా చూడాలి. మడత మీద పడ్డ గుర్తు తేలకపోతే ఊహించకుండా ఇంకో ఫొటో అడగండి. జవాబు వచ్చాక రెండు సమీకరణాల్లోనూ ప్రతిక్షేపించండి. ఈ రెండింటిలో ఒకటి చేసే పని రెండోది చేయలేదు.