అడ్వాన్సుల చాటున పెళ్లి ఖర్చు

ఏలూరులో ఒక మధ్యతరగతి కుటుంబం అమ్మాయి పెళ్లి తలపెట్టింది అనుకుందాం. బంగారం కాకుండా మిగతా ఖర్చంతా 12 లక్షలు దాటకూడదని ఇంటాయన ముందే గీత గీసుకున్నారు. ముహూర్తానికి ఇంకా మూడు నెలలుంది. ఫంక్షన్ హాలుకు 50 వేలు, కేటరింగ్‌కు 50 వేలు, డెకరేషన్‌కు 30 వేలు, ఫొటో, వీడియోకు 25 వేలు అడ్వాన్సులు ఇచ్చేశారు. డైరీలో రాసిన మొత్తం లక్షా 55 వేలు. ఇంకా 10 లక్షల 45 వేలు ఉన్నాయన్న ధీమాతో ఇంటిల్లిపాదీ పట్టుచీరల షాపుకు బయల్దేరారు.

ఇప్పుడు అదే డైరీలో ఇచ్చిన డబ్బు బదులు ఒప్పుకున్న డబ్బు రాసి చూద్దాం. హాలు అద్దె లక్షన్నర, దాని మీద జీఎస్టీ 18 శాతం కలిపితే 1,77,000. రాత్రి భోజనం ప్లేటు 450 చొప్పున 600 మందికి, 5 శాతం పన్నుతో 2,83,500. పొద్దున టిఫిను 150 చొప్పున 200 మందికి, పన్నుతో 31,500. డెకరేషన్ లక్షా 20 వేలు, ఫొటోలవాళ్లకు లక్ష. మొత్తం 7,12,000. అంటే బట్టలకు, శుభలేఖలకు, విడిది గదులకు, బస్సులకు, పురోహితుడికి, సన్నాయి మేళానికి, పెట్టుపోతలకు నిజంగా మిగిలింది 4,88,000 మాత్రమే. చీరల షాపులో మెట్లెక్కుతున్న కుటుంబం మనసులో ఉన్న అంకె దీనికి రెట్టింపు పైమాటే.

పెళ్లి ఖర్చు చేయి దాటేది సాధారణంగా ఇక్కడే. దుబారా తర్వాతి సంగతి. అందుకే పెళ్లి పుస్తకంలో ప్రతి పద్దుకూ నాలుగు గడులుండాలి: అనుకున్నది, ఒప్పుకున్నది, ఇచ్చింది, ఇంకా ఇవ్వాల్సింది. ఫోన్‌లో షీటైనా సరే, బడి పిల్లల నోటు పుస్తకమైనా సరే. రోజూ చూడాల్సింది మాత్రం రెండో గడి. ఏదైనా కొత్త ఖర్చు ఒప్పుకునే ముందు 12 లక్షల్లోంచి ఆ గడి మొత్తం తీసేస్తే ఎంత మిగులుతుందో చూడాలి.

ఆ గడిలో అన్నిటికన్నా పెద్ద పద్దు భోజనాలది. అన్నిటికన్నా అనుమానం ఉన్నదీ అదే. మనవాళ్లలో శుభలేఖ అందుకున్నాక ‘మేం రాలేం’ అని చెప్పేవాళ్లు అరుదు. ‘తప్పకుండా వస్తామండీ’ అన్నవాళ్లంతా వస్తారనీ లేదు. 280 శుభలేఖలు పంచాం, ఇంటికి ముగ్గురు చొప్పున 840 అని గుణించేస్తే లెక్క తప్పినట్టే. ఆఫీసు వాళ్లలో చాలామంది ఒక్కరే వస్తారు. మేనత్త ఇంటి నుంచి ఏడుగురు దిగుతారు. ఒక సాయంత్రం కూర్చుని ప్రతి పేరు పక్కనా ఒక అంకె వేస్తే మన ఏలూరు కుటుంబానికి 610 తేలింది. ఈ పని భార్యాభర్తలు విడివిడిగా చేసి, తర్వాత రెండు జాబితాలూ కలిపి చూసుకుంటే ఇంకా మంచిది. ఎవరి వైపు బంధువులు ఎందరొస్తారో వాళ్లకే బాగా తెలుసు మరి!

కేటరర్‌కు 610 అని చెప్పాలా? అక్కర్లేదు. పెళ్లికి కొద్దిరోజుల ముందు కేటరర్ అడిగే ఖాయమైన అంకెకు అర్థం ఒక్కటే: అంతకు తక్కువమంది తిన్నా డబ్బు అంతకూ ఇవ్వాలి. అందుకని 550 ఖాయం చేసి, 620 దాకా వస్తే అదే ధరకు వడ్డించాలని రాయించుకోవడం మేలు. అలాగని 400 అని చెప్పి 610 మందిని కూర్చోబెడితే రాత్రి పదింటికి పప్పు పలచబడుతుంది, తర్వాత స్వీటు మాయమవుతుంది.

ప్లేట్ల లెక్క మీద పేచీలు రాకుండా ఒక చిన్న ఏర్పాటు చాలు. వడ్డన మొదలయ్యే ముందు ఇంటివాళ్లలో ఒకరు, కేటరింగ్ సూపర్‌వైజరు కలిసి దొంతరలు లెక్కపెట్టి చీటీ మీద సంతకాలు చేస్తారు. అందరూ తిన్నాక మిగిలినవి లెక్కపెడతారు. ఒకే మనిషి రెండు ప్లేట్లు తీసుకుంటే రెండుగానే పడుతుంది, దానికి చేయగలిగింది లేదు. కడిగి మళ్లీ పెట్టే ప్లేట్లయితే ఈ పద్ధతి పనికిరాదు. అక్కడ ఇంతమందికి ఇంత అని మొత్తంగా మాట్లాడుకోవడమే నయం.

ఇక గడువులు. మన పెళ్లిళ్లలో ముహూర్తం చాలాసార్లు అర్ధరాత్రి దాటాకే వస్తుంది. శుభలేఖ మీద ‘గురువారం రాత్రి 2.40కి, తెల్లవారితే శుక్రవారం’ అని వేస్తారు. పంచాంగం ప్రకారం సూర్యోదయం దాకా గురువారమే. ఫొటోగ్రాఫర్ క్యాలెండర్‌లో మాత్రం అది శుక్రవారం. బుక్ చేసేటప్పుడు రెండు తేదీలూ, గంటా చెప్పకపోతే అతను అదే గురువారం రాత్రికి ఇంకొకరి పెళ్లి ఒప్పుకునే ప్రమాదముంది. హాలుతోనూ ఇదే తిరకాసు. అద్దె 24 గంటలకు అంటారు. అవి ఏ గంట నుంచి మొదలవుతాయి? గురువారం పొద్దున ఆరు నుంచి లెక్కైతే, తలంబ్రాలు, అప్పగింతలు అయ్యి చుట్టాలు టిఫిన్లకు కూర్చునే వేళకు గడువు తీరిపోతుంది. గురువారం మధ్యాహ్నం నుంచి శుక్రవారం మధ్యాహ్నం దాకా ఇచ్చే హాలు అద్దె కొంచెం ఎక్కువైనా ఇలాంటి ముహూర్తానికి అదే కలిసొస్తుంది. కరెంటు మీటరు, జనరేటర్ డీజిల్, క్లీనింగ్ ఛార్జీలు అద్దెలో కలిశాయో లేదో కూడా అప్పుడే అడగాలి.

మిగతా పనులకు పెట్టుకునే తేదీ, తప్పొస్తే సరిదిద్దుకునే వ్యవధి మిగిల్చేలా ఉండాలి. పెళ్లికూతురి జాకెట్టు సంగతే తీసుకోండి. ముందు గుడ్డ మీద మగ్గం పని, ఆ తర్వాతే కుట్టు. ‘పెళ్లికి రెండు రోజుల ముందు ఇచ్చేస్తానమ్మా’ అన్న టైలరు మాట నిలబెట్టుకున్నా, చంకల దగ్గర బిగుతైతే విప్పి కుట్టే టైము ఉండదు. అడగాల్సింది పదిహేను రోజుల ముందు తొడిగి చూసుకునే తేదీ.

ఎంత కట్టుదిట్టంగా రాసుకున్నా ఆఖరి వారంలో ఒక చిల్లు పడుతుంది. డెకరేషన్ కుర్రాడు ఎదురొచ్చిన బాబాయిని అడుగుతాడు, “సార్, గేటు దగ్గర కూడా పూలు పెట్టేయమంటారా?” బాబాయి అభిమానంగా “పెట్టెయ్యి” అంటారు. బిల్లులో 35 వేలు కలుస్తాయి. అదనపు పనులకు సరే అనే హక్కు ఒక్క మనిషికే ఉందని, ఆ మనిషి వాట్సాప్‌లో ఒప్పుకుంటేనే డబ్బు ఇస్తామని అడ్వాన్సు రోజే చెప్పెయ్యాలి. ఆ మనిషి పెళ్లికూతురి తండ్రి కాకపోతే మంచిది, మొహమాటం ఆయనకే ఎక్కువ.

చెల్లింపుల్లో ఒక చట్టం కూడా గుర్తుంచుకోవాలి. ఒకే వేడుకకు సంబంధించి ఒకరి దగ్గర నుంచి రెండు లక్షలు, అంతకు మించి నగదుగా తీసుకోవడాన్ని ఆదాయపు పన్ను చట్టం 2017 నుంచి నిషేధించింది. విడతలుగా పుచ్చుకున్నా అదే లెక్క. తీసుకున్నవాళ్లకు అంతే మొత్తం జరిమానా పడవచ్చు. మన ఉదాహరణలో కేటరర్ బిల్లు ఈ గీత దాటింది కాబట్టి బ్యాంకు ద్వారా పంపడమే సరి. పుస్తకానికి ఆధారమూ దొరుకుతుంది.

ఫొటోల డబ్బులో కొంత భాగం ఆల్బమ్ చేతికొచ్చే దాకా ఆపుకోండి. అయితే వేల ఫొటోల్లోంచి కావాల్సినవి ఏరి ఇవ్వాల్సింది ఇంటివాళ్లే, చాలా ఆల్బమ్‌లు నెలల తరబడి ఆగేది అక్కడే. పెళ్లయిన నెలలోపు ఆ ఎంపిక పూర్తి చేసి పంపేయండి.