యాప్ మరిచినవాళ్లను ఎప్పుడు పిలవాలి?

నెల సరుకులు అమ్మే యాప్ ఒకటి ఉందనుకుందాం. వారం రోజులుగా యాప్ తెరవనివాళ్లందరికీ ప్రకటన చూపిద్దామని దాని యజమాని అనుకుంటాడు. అక్కడే డబ్బు వృథా మొదలవుతుంది. జీతం రాగానే బియ్యం, పప్పు, నూనె తెచ్చుకునే ఇల్లు మళ్లీ వచ్చేది వచ్చే నెల మొదట్లోనే. వాళ్లు యాప్‌ను వదిలేయలేదు, ఇంకా సరుకు నిండుకోలేదంతే. ఈ వ్యాపారంలో కనీసం నలభై రోజులు దాటితేగాని కొనుగోలుదారు దూరమయ్యాడని చెప్పలేం.

కాబట్టి ఎన్ని రోజులు రాలేదన్నదే కాదు, చివరిసారి వచ్చి ఏం చేశాడన్నదీ చూడాలి. యాప్‌లో జరిగే ప్రతి ముఖ్యమైన పనీ ఒక ఈవెంట్‌గా నమోదవుతుంది. గూగుల్ అనలిటిక్స్‌లో బుట్టలో వేస్తే add_to_cart, డబ్బు కడితే purchase. మొదటిది జరిగి రెండోది జరగనివాళ్లతో ఒక జాబితా తయారు చేయొచ్చు. ప్రకటన చూపాల్సింది ముందు వీళ్లకే. కొనాలన్న మనసు వీళ్లకు ఉంది, ఏదో అడ్డొచ్చింది.

అయితే ఈ జాబితా అప్పటికప్పుడు నిండదు, ఒకటి రెండు రోజులు పడుతుంది. అందుకే బుట్ట వదిలిన మొదటి గంటల్లో గుర్తుచేసే పని యాప్ నోటిఫికేషన్‌కు అప్పగించి, ప్రకటనను మర్నాటి నుంచి మొదలుపెట్టడం మంచిది. జాబితాలో సభ్యత్వ గడువు వారం పెడితే చాలు. అప్పటికి ఆ ఇంట్లోవాళ్లు పక్క కొట్లో నూనె కొనేసి ఉంటారు. కొన్నవాళ్లను తప్పనిసరిగా జాబితా నుంచి తీసేయాలి. ఉదయం కొన్న సరుకే సాయంత్రం ప్రకటనలో కనిపిస్తే ఎవరికైనా చిరాకే. ప్రకటన నొక్కగానే తెరుచుకోవాల్సింది యాప్ మొదటి పేజీ కాదు, వాళ్లు వదిలేసిన బుట్ట. దీనికి డీప్ లింక్ కావాలి. యాప్ తీసేసినవాళ్ల ఫోన్‌లో ఆ లింక్ బుట్టను తెరవలేదు కాబట్టి వాళ్లకు వేరే ప్రకటన ఉండాలి.

ఇదంతా ఫలించిందో లేదో ఎలా తెలుస్తుంది? జాబితాలో పదివేలమంది ఉంటే రెండువేలమందికి, లాటరీ తీసినట్టు ఎంచి, కావాలనే ప్రకటన చూపకూడదు. ప్రకటన చూపిన ఎనిమిదివేలలో 400 మంది తిరిగి కొన్నారనుకుందాం, అంటే నూటికి ఐదుగురు. చూపని రెండువేలలో 80 మంది కొన్నారు, అంటే నూటికి నలుగురు. ఈ నలుగురూ ప్రకటన లేకున్నా వచ్చేవాళ్లే. నిజంగా ప్రకటన తెచ్చింది నూటికి ఒక్కరిని, మొత్తం 80 మందిని. ఖర్చు పదహారువేలైతే నివేదిక ఒక్కొక్కరికి 40 రూపాయలని చూపిస్తుంది, అసలు ఖర్చు 200. ఒక్కో ఆర్డరు మీద మిగిలేది అంతకంటే తక్కువైతే, ఆ జాబితాకు ప్రకటన ఆపేయాలి.