ముందు మామిడి పెట్టె, తర్వాత తోట కథ

నూజివీడు రైతు ఒకాయన బంగినపల్లి పళ్లను హైదరాబాద్‌లోని ఇళ్లకు నేరుగా పంపాలని ఫేస్‌బుక్‌లో ప్రకటన ఇచ్చాడనుకుందాం. దాన్ని నొక్కినవారు చేరే పేజీని ల్యాండింగ్ పేజీ అంటారు. అందులో మొదట తోట ఫొటో, కింద ‘మా వెబ్‌సైట్‌కు స్వాగతం’, తర్వాత తాతగారు మొక్కలు నాటిన వైనం, ఆపైన పళ్లు మగ్గబెట్టే పద్ధతి. ధర, ఆర్డర్ బటన్ అట్టడుగున ఉన్నాయి. మన గురించి చెప్పుకోకుండా ధర చెప్పడం బాగుండదనే మొహమాటం వల్లే ఇలాంటి వరుస వస్తుంది. కానీ వచ్చినవారికి ముందుగా కావలసింది వేరు: ఏ పళ్లు, ఎంత, మా ఇంటికి పంపుతారా?

నీల్సన్ నార్మన్ గ్రూప్ 2018లో ప్రచురించిన అధ్యయనంలో, జనం పేజీని చూసిన సమయంలో 57 శాతం మొదటి తెర మీదే గడిచింది. కిందికి జరిపి చూస్తారు, నిజమే. అయితే ఆ శ్రమకు తగినదేదో పైన కనిపించాలి.

కాబట్టి పైన ఈ మాట ఉండాలి: ‘కార్బైడ్ లేకుండా గడ్డిలో మగ్గబెట్టిన బంగినపల్లి, తోట నుంచి నేరుగా మీ ఇంటికి’. ‘నాణ్యతే మా ప్రాణం’ లాంటి మాట ఏ దుకాణానికైనా అతుకుతుంది, దాన్నిబట్టి ఎవరూ ఏదీ తేల్చుకోలేరు. దాని కింద 5 కిలోల పెట్టె ధర, వెంటనే ‘పెట్టె బుక్ చేయండి’ అనే బటన్. ఆ తర్వాత కొనేవారికి వచ్చే సందేహాలు: పళ్లు ఎన్నాళ్లకు అందుతాయి, దెబ్బతిన్నవి వస్తే ఏం చేస్తారు? తాతగారి కథ ఆ కింద. దాన్ని తీసేయనక్కర్లేదు. ఇంకా తటపటాయిస్తున్నవారికి నమ్మకం కుదిర్చేది అదే. అందుకే కథ చివర బటన్ మళ్లీ పెట్టాలి.

మార్పు చేశాక ఫోన్‌లో తప్పక చూడాలి. కంప్యూటర్‌లో ఫొటో, మాట పక్కపక్కన బాగానే ఉంటాయి. ఫోన్‌లో అవి ఒకదాని కింద ఒకటి పేరుకుంటాయి. కోడ్‌లో ఫొటో ముందుంటే బటన్ మళ్లీ తెర కిందికి పోతుంది. CSSలోని `order`తో కంటికి కనిపించే వరుసను మాత్రమే మారిస్తే చూపులేనివారి స్క్రీన్ రీడర్ పాత వరుసలోనే చదువుతుంది. HTMLలోనే వరుస మార్చడం మేలు.

బటన్ నొక్కేవారు పెరిగి, ఆర్డర్లు పెరగకపోతే ఏదో ముఖ్యమైన షరతు కిందే ఉండిపోయిందని అనుమానించాలి. ‘డెలివరీ హైదరాబాద్‌లో మాత్రమే’ అన్న సంగతి చిరునామా నింపేటప్పుడు తెలిస్తే వరంగల్ మనిషి విసుక్కుని వెళ్లిపోతాడు. అది ధర పక్కనే ఉండాలి.

ఏప్రిల్‌లో పాత పేజీ, మేలో కొత్తది పెట్టి పోల్చకూడదు. మేలో మామిడికి గిరాకీ ఎలాగూ ఎక్కువ. ఒకే రోజుల్లో సగంమందికి పాతది, సగంమందికి కొత్తది చూపించాలి. చెరి వందమంది చూస్తే ఒకదానికి 3, రెండోదానికి 5 ఆర్డర్లు వచ్చాయనుకోండి. అంత చిన్న తేడా కాకతాళీయంగానూ రావచ్చు. ఇంకా చాలామంది చూసేదాకా రెండు పేజీలనూ నడవనివ్వాలి.