మూడు నెలలు, మూడు పులులు

2014 మార్చిలో గాబ్రియేలె చిరుల్లి అనే పంతొమ్మిదేళ్ల ఇటలీ కుర్రాడు ఒక్క వారాంతంలో ‘2048’ ఆట తయారుచేసి ఇంటర్నెట్‌లో పెట్టాడు. అడ్డం నాలుగు, నిలువు నాలుగు గళ్ల పలక. ఒకే అంకె ఉన్న బిళ్లల్ని జరిపి కలపడమే ఆట. దానికి నెల ముందే ‘త్రీస్’ ఐఫోన్లలోకి వచ్చింది. అదీ నాలుగు గళ్ల పలకే, అదీ అంకెల్ని కలిపే ఆటే. ఆషర్ వోల్మర్, గ్రెగ్ వోల్‌వెండ్ మాత్రం దాని మీద దాదాపు పద్నాలుగు నెలలు పని చేశారు.

తేడా ఆట పరిమాణంలో లేదు. ‘త్రీస్’ వాళ్లు లేని నియమాన్ని వెతుక్కున్నారు. బొమ్మలు మార్చారు, నేపథ్యాలు మార్చారు, చివరికి మొదట అనుకున్న సాదా అంకెల దగ్గరికే వచ్చారు. చిరుల్లికి నియమం అప్పటికే చేతిలో ఉంది. కొత్త నియమం ఎప్పుడు దొరుకుతుందో ఎవరూ లెక్కగట్టలేరు. అందుకే మూడు నెలల గడువున్న ఒంటరి డెవలపర్, జనం ఇదివరకే ఆడి చూసిన నియమాన్ని తీసుకోవడం మేలు.

మన దగ్గర అలాంటివి ఉన్నాయి. గుడి అరుగుల మీద గీతలు గీసి ఆడే పులిజూదాన్నే తీసుకుందాం. మూడు పులులు, పదిహేను మేకలు, గీతలు కలిసే ఇరవై మూడు చోట్లు. మేకల్ని ఒక్కొక్కటిగా పెట్టాలి, అన్నీ దిగేదాకా అవి కదలవు. పులి పక్క చోటికి జరుగుతుంది, లేదా మేక మీదుగా అవతలి ఖాళీలోకి దూకి దాన్ని చంపుతుంది. పులులన్నీ కదల్లేకపోతే మేకల గెలుపు. ఎన్ని మేకలు చస్తే పులి గెలిచినట్టన్నది ఊరిని బట్టి మారుతుంది కాబట్టి, ఒక లెక్కను మొదటిరోజే ఖాయం చేసుకోవాలి. ఇందులో గీయాల్సిన లెవెళ్లు లేవు, రాయాల్సిన కథ లేదు. ఒక పలక, రెండు బొమ్మలు చాలు.

ప్రోగ్రామ్‌లో ఈ పలకంతా రెండు పట్టికలే. ఏ చోటికి ఏ చోట్లు పక్కన ఉన్నాయన్నది మొదటిది. ఎక్కణ్ణుంచి, ఎవరి మీదుగా, ఎక్కడికి దూకొచ్చన్నది రెండోది. ఎక్కువగా తప్పులు దొర్లేది ఇక్కడే. ఒక వరుసలో అంకె తప్పు పడితే పులి మలుపు తిరిగి దూకేస్తుంది. దాన్ని కంటితో పట్టుకోవడం కష్టం. ఏడో చోటికి ఎనిమిది పక్కన ఉంటే, ఎనిమిదికి కూడా ఏడు పక్కన ఉండాలి. దూకుడు దాటే మధ్య చోటు రెండు కొసలకూ పక్కదై, మూడూ ఒకే గీత మీద ఉండాలి. ఈ రెండూ సరిచూసే చిన్న పరీక్షను మొదటి వారంలోనే రాసుకుంటే, తర్వాత ఎన్నో రోజులు మిగులుతాయి.

అసలు బరువు కంప్యూటర్ ఆటగాడిది. మొదటి మేకకే ఇరవై చోట్లు ఖాళీ. పులులకు పది ఎత్తులు దొరికాయనుకుంటే, మేక ఎత్తు ఒకటి, పులి ఎత్తు ఒకటి కలిపి చూసేసరికి రెండు వందల దారులు. ఇంకో జత ముందుకు చూస్తే దాదాపు నలభై వేలు. ఇంకా లోతుకు వెళ్లేకొద్దీ చౌక ఫోన్ బిగుసుకుపోతుంది. ఎన్ని ఎత్తులు ముందుకు చూడాలన్న లెక్క కన్నా, అర సెకను గడువు పెట్టి అప్పటికి కనిపించిన మంచి ఎత్తు ఆడించడం నయం. కంప్యూటర్‌ను దానితోనే కొన్ని వందల ఆటలు ఆడించి చూడాలి. ప్రతిసారీ పులే గెలుస్తుంటే మేకల తెలివి చాలనట్టే.

ఆన్‌లైన్‌లో ఇద్దరిని కలపడం మాత్రం పెట్టుకోకూడదు. దానికి సర్వర్ కావాలి, మధ్యలో తెగిన కనెక్షన్‌ను సర్దాలి. పైగా కొత్త ఆటలో అవతలి మనిషి దొరకడమే అరుదు. ఒకే ఫోన్‌ను ఇద్దరి మధ్య పెట్టుకుని ఆడే పద్ధతికి ఇవేవీ అక్కర్లేదు.

గడువును నిజంగా తినేసేది మరొకటుంది. 2023 నవంబరు 13 తర్వాత తెరిచిన వ్యక్తిగత ఖాతాలకు గూగుల్ ప్లే ఒక షరతు పెట్టింది: ఆటను అందరికీ విడుదల చేసేముందు కనీసం పన్నెండు మంది వరసగా పద్నాలుగు రోజులు పరీక్షలో ఉండాలి. మొదట్లో ఈ సంఖ్య ఇరవై. ఆ తర్వాత అనుమతికి దరఖాస్తు, పరిశీలన. ఒకరిద్దరు మధ్యలో తప్పుకున్నా లెక్క చెడకుండా పదిహేను మందికి పైగా చేర్చుకోవడం మంచిది. అంటే పదమూడు వారాల్లో తొమ్మిదో వారం ముగిసేసరికి ఆట వాళ్ల చేతుల్లో ఉండాలి.

కంప్యూటర్ ఆటగాడికి ఆరో వారం చివరి దాకా సమయమివ్వొచ్చు. అప్పటికీ మేకల తెలివి కుదరకపోతే ఆ భాగాన్ని తీసేయాలి: కంప్యూటర్ పులుల్ని ఆడుతుంది, మనిషి మేకల్ని ఆడతాడు, ఇద్దరుంటే ఒకే ఫోన్‌లో ఆడుకుంటారు. పలకలో గానీ నియమంలో గానీ ఏదీ మారదు. మిగిలిన మూడు వారాలు చప్పుళ్లకూ, ఆట నేర్పే తెరకూ సరిపోతాయి.