నెల తప్పగానే ఇన్‌హేలర్ మానేస్తే

నెల తప్పిందని తెలిసిన రోజే ఆమె ఇన్‌హేలర్ తీసి బీరువాలో పెట్టేసింది. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. రెండేళ్లుగా పొద్దున ఒక పఫ్, రాత్రి ఒక పఫ్ పీలుస్తూ హాయిగానే ఉంది. "అందులో స్టెరాయిడ్ ఉందట అత్తయ్యా, బిడ్డకు మంచిది కాదేమో" అంది. "ఆయాసమే లేనప్పుడు మందెందుకమ్మా" అందావిడ. ఆయాసం లేకపోవడానికి కారణం ఆ మందేనని ఇద్దరికీ తట్టలేదు. ఈమె ఒక్క మనిషి కాదులెండి. డాక్టర్లకు బాగా తెలిసిన చాలామంది గర్భిణులను కలిపి ఒక్కరిగా చెబుతున్నాను.

మందు ఆపిన మర్నాడే ఆయాసం రాదు. చిక్కంతా అక్కడే ఉంది. ఉబ్బసం ఉన్నవాళ్లకు ఊపిరి గొట్టాల లోపలి పొర వాచి ఉంటుంది. రోజూ పీల్చే బ్యుడెసొనైడ్ లాంటి స్టెరాయిడ్ ఆ వాపును అణచి ఉంచుతుంది. ఆపేస్తే వాపు కొన్ని వారాల్లో మెల్లగా తిరిగొస్తుంది. ఈమెకు మొదట తెల్లవారుజామున దగ్గు మొదలైంది. తర్వాత మెట్లెక్కితే ఛాతీ బిగిసినట్టయ్యేది. కడుపుతో ఉన్నప్పుడు ఆయాసం మామూలేనని ఇంట్లో సర్దిచెప్పారు. అందులో కొంత నిజముంది, గర్భం నిలిపే హార్మోనే ఊపిరిని ఎక్కువగా తీయిస్తుంది. అయితే ఆ ఆయాసంలో పిల్లికూతలుండవు, రాత్రి దగ్గుతో మెలకువ రాదు. గట్టిగా ఊది చూసే పీక్ ఫ్లో మీటర్‌లో అంకె కూడా తగ్గదు. తగ్గిందంటే అది ఉబ్బసమే.

గర్భిణుల్లో ఉబ్బసం ఎక్కువగా తిరగబెట్టేది ఆరో నెల నుంచి ఎనిమిదో నెల దాకా. ఈమెకు ఆరో నెలలో జలుబు చేసింది. రాత్రంతా ఉపశమనం కోసం వాడే సాల్బుటమాల్ గంటగంటకూ పీల్చింది. తెల్లవారి ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి వేలికి పెట్టిన మీటర్ 91 చూపించింది. గర్భిణికి అది 94 కన్నా తగ్గకుండా చూస్తారు. బిడ్డకు ఆక్సిజన్ మాయ గుండా తల్లి రక్తం నుంచే రావాలి. బిడ్డ రక్తంలో దాని మట్టం ఎప్పుడూ తల్లి కన్నా బాగా తక్కువే కాబట్టి ఇంకా తగ్గితే తట్టుకునే వెసులుబాటు కొంచెమే. రక్తపరీక్షలో మరో మోసం ఉంటుంది. కార్బన్ డయాక్సైడ్ 40 వస్తే మామూలు మనిషికి సరిగ్గా ఉన్నట్టే. గర్భిణికి ఉండాల్సింది 30 దగ్గర. తీవ్రమైన ఆయాసంలో ఆమెకు 40 వచ్చిందంటే ఊపిరి తీసే కండరాలు అలసిపోతున్నాయని అర్థం.

ఆసుపత్రిలో ఆక్సిజన్, నెబ్యులైజర్‌తో పాటు ప్రెడ్నిసొలోన్ రోజుకు 40 మిల్లీగ్రాముల చొప్పున 5 రోజులు ఇచ్చారు. ఇప్పుడు లెక్క చూడండి. ఆమె మానేసిన మందు పఫ్‌కు 200 మైక్రోగ్రాములు. రోజుకు రెండు పఫ్‌లంటే 400. అంటే మిల్లీగ్రాములో సగం కూడా లేదు. 280 రోజులూ వాడినా మొత్తం 112 మిల్లీగ్రాములు. దాన్ని తప్పించుకోబోయి 5 రోజుల్లో 200 మిల్లీగ్రాముల స్టెరాయిడ్ మింగింది. రెండూ ఒకే మందు కావు, బలాన్ని బరువుతో తూచకూడదు, ఒప్పుకుంటాను. కానీ మాత్ర మొత్తం ఒళ్లంతా తిరుగుతుంది. పీల్చినది చాలావరకు గొట్టాల్లోనే పని చేస్తుంది. గొంతులోంచి కడుపులోకి జారిన భాగంలో ఎక్కువ శాతాన్ని కాలేయం విరిచేస్తుంది. అంతమాత్రాన ఆయాసం ముదిరినప్పుడు మాత్రలు వద్దనుకోకూడదు. ఊపిరాడకపోవడం అంతకన్నా ప్రమాదం.

మరి బిడ్డకు అవకరాలొస్తాయా? స్వీడన్ జనన నమోదుల ఆధారంగా 1999లో ఒక పరిశీలన వచ్చింది. తొలి నెలల్లో బ్యుడెసొనైడ్ పీల్చిన తల్లులకు పుట్టిన 2,014 మంది పిల్లల్లో అవకరాలు 3.8 శాతం. అక్కడి పిల్లలందరిలో 3.5 శాతం. చెప్పుకోదగ్గ తేడా కాదు. చాలా పెద్ద మోతాదుల విషయంలో ఇంత సమాచారం లేదు కాబట్టి, అదుపు తప్పకుండా ఉంచగలిగిన కనీస మోతాదునే డాక్టర్లు ఎంచుకుంటారు. అదుపు తప్పిన ఉబ్బసంతో మాత్రం నెలలు నిండకుండా కాన్పు, తక్కువ బరువు బిడ్డ, తల్లికి గుర్రపు వాతానికి దారితీసే బీపీ ఎక్కువగా కనిపిస్తాయి.

ఆమె మళ్లీ ఇన్‌హేలర్ మొదలుపెట్టింది. ఈసారి గొట్టంలాంటి స్పేసర్ పెట్టుకుని, పీల్చాక నోరు పుక్కిలిస్తోంది. కాన్పు డాక్టరుకు ఉబ్బసం సంగతి ముందే చెప్పింది. ఎందుకంటే కాన్పయ్యాక రక్తస్రావం ఆగడానికి ఇచ్చే మందుల్లో కార్బోప్రోస్ట్ ఊపిరి గొట్టాలను బిగించేయగలదు. పాలిచ్చేటప్పుడూ పఫ్ మానక్కర్లేదు. మానాల్సిందల్లా పుట్టింట్లో బాలింత తల ఆరడానికి వేసే సాంబ్రాణి పొగ.