కప్పు కాఫీ అసలు ఖరీదు

విశాఖలో ఒక చిన్న కేఫ్. రోజుకు అరవై కాపుచినోలు, అన్నీ పార్సిలే అనుకుందాం. యజమాని లెక్క కాగితం మీద చక్కగానే ఉంటుంది. కప్పుకు 18 గ్రాముల గింజలు పడతాయి. కిలో వెయ్యి రూపాయలు కాబట్టి 18 రూపాయలు. పాలు 150 మిల్లీలీటర్లు, లీటరు 70 చొప్పున పదిన్నర. కప్పూ మూతా ఆరు, చక్కెర పొట్లం, టిష్యూ రెండు. మొత్తం 36.50.

ఇప్పుడు అదే కేఫ్‌లో సోమవారం పొద్దున సరుకంతా తూచి రాసుకుని, వారంలో కొన్నది కలిపి, మళ్లీ సోమవారం మిగిలింది తీసేస్తే అసలు వాడకం తేలుతుంది. బిల్లయిన కప్పులు 420. గింజలు ఏడున్నర కిలోలు చాలాలి, 8.8 కిలోలు పోయాయి. పాలు 63 లీటర్లకు బదులు 80. కప్పులు 455. ఈ ఖర్చును అమ్మిన కప్పులకు పంచితే ఒక్కోటీ 42.79కి చేరింది. వారానికి తేడా 2,640 రూపాయలు.

గింజల్లో కొంత నష్టం తప్పదు. రోజూ తెరవగానే గ్రైండర్ సరిచేసుకోవడానికి మూడు నాలుగు షాట్లు తీసి పారబోయాలి. సముద్రపు గాలిలో తేమ మారితే మధ్యాహ్నం మళ్లీ సరిచేయాలి. దీన్ని ఆపబోతే కాఫీ రుచే చెడుతుంది, అందుకే దీని జోలికి పోకపోవడం మేలు.

పాల సంగతి వేరు. ఒక్క కప్పుకు 600 మిల్లీలీటర్ల జగ్గు తీస్తే, అడుగున కాసిన్ని పాలు పోస్తే స్టీమ్ గొట్టం కొన సరిగ్గా మునగదు, నురగ రాదు. అందుకని కుర్రాడు చేతికొచ్చినన్ని పోస్తాడు. కప్పు నిండాక మిగిలింది సింకు పాలు. ఒకసారి కాగిన పాలను మళ్లీ స్టీమ్ పెడితే మునుపటిలా సన్నటి నురగ కట్టదు, కాబట్టి దాచుకున్నా లాభం లేదు. దీన్ని పట్టుకోవడం తేలికే. సింకు పక్కన బకెట్ పెట్టి, మిగిలిన పాలన్నీ అందులోనే పోయమని, రాత్రి కొలవాలి. బకెట్లో రోజుకు రెండు లీటర్లు తేలితే జగ్గుదే తప్పు. 350 మిల్లీలీటర్లది కొంటే సరి. బకెట్ ఖాళీగా ఉండి పాలు మాత్రం తరుగుతుంటే విరిగిన ప్యాకెట్లనో, సిబ్బంది తాగే టీనో చూడాలి. తాగడం తప్పు కాదు, రాయకపోవడమే చిక్కు.

కప్పుల తేడాకు పెద్ద పరిశోధన అక్కర్లేదు. చెయ్యి కాలుతోందంటే రెండో కప్పు తొడుగుతారు, మంచినీళ్లకూ అదే కప్పు.

ఇక ధర. మెనూలో పన్నుతో కలిపి 120 అని ఉంటే, 5 శాతం జీఎస్టీ పోగా చేతికొచ్చేది 114.29. ఈ రేటు కట్టే హోటళ్లకు సరుకు కొన్నప్పుడు కట్టిన జీఎస్టీ తిరిగి రాదు. కనుక కప్పు ధర రాసుకునేటప్పుడు బిల్లులో పన్ను వేయకముందు అంకె కాదు, చెల్లించిన మొత్తమే వేసుకోవాలి. సరుకు పోను మిగిలే 71.50లోంచే అద్దె, జీతాలు, కరెంటు, మెషిన్ రిపేరు వెళ్లాలి.